ఏటా వెయ్యి తక్కువిచ్చే బాండు

2022 మే 4 మధ్యాహ్నం రిజర్వ్ బ్యాంక్ ఎవరూ ఎదురుచూడని వేళ రెపో రేటును 4 శాతం నుంచి 4.40 శాతానికి పెంచింది. ఎఫ్‌డీ వేద్దామనుకునేవాళ్లకు అది మంచి కబురే. గిల్ట్ ఫండ్లలో డబ్బు పెట్టినవాళ్లు మాత్రం తమ ఎన్‌ఏవీ తగ్గడం చూసి కంగుతిన్నారు. ఆ ఫండ్లు కొనేవి ప్రభుత్వ బాండ్లే. ప్రభుత్వం వడ్డీ ఆపలేదు, అసలు ఎగ్గొడతాననీ అనలేదు. మరి విలువ ఎందుకు తగ్గింది?

ఒక బాండును చేతిలోకి తీసుకుని చూద్దాం. మీరు లక్ష రూపాయలు పెట్టి పదేళ్ల బాండు కొన్నారు. కూపన్, అంటే దాని మీద రాసి ఉన్న వడ్డీ, 7 శాతం. ఏటా 7,000 వస్తుంది, పదో ఏడు చివర లక్షా తిరిగొస్తుంది. మన ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి కానీ, లెక్క తేలిగ్గా ఉండటానికి ఏడాదికోసారి అనుకుందాం.

మీరు కొన్న మర్నాడే మార్కెట్లో వడ్డీ 8 శాతానికి పెరిగింది. ఇప్పుడు కొత్త బాండు కొనేవాళ్లకు అదే లక్షకు ఏటా 8,000 వస్తుంది. సరిగ్గా ఆ రోజే మీకు డబ్బు అవసరమై బాండు అమ్మకానికి పెట్టారు. ఏటా వెయ్యి తక్కువిచ్చే మీ బాండును లక్షకు ఎవరు కొంటారు? కూపన్ మార్చడం మీ చేతుల్లో లేదు. మార్చగలిగింది ధర ఒక్కటే.

ఎంత తగ్గించాలి? చాలామంది వేసే లెక్క ఒకటుంది: 7,000 రూపాయలు 8 శాతం కావాలంటే అసలు 87,500 ఉండాలి, కాబట్టి ధర అంతే అని. అది తప్పు. 87,500కు కొన్నవాడికి ఏటా 8 శాతం రావడమే కాదు, చివర్లో లక్ష చేతికొస్తుంది. అంటే మరో 12,500 అదనం. అంత లాభం ఉంటే కొనేవాళ్లు పోటీపడి ధర పెంచేస్తారు.

అసలు లెక్క ఆ వెయ్యి దగ్గరే ఉంది. కొనేవాడు పదేళ్లపాటు ఏటా వెయ్యి చొప్పున మొత్తం పదివేలు పోగొట్టుకుంటాడు. అయితే అవన్నీ ఇవాళే పోవు. ఏడాది తర్వాత తగ్గే వెయ్యికి బదులుగా ఇవాళ 926 రూపాయలు ఇస్తే చాలు, 8 శాతం వడ్డీతో అది ఏడాదికి వెయ్యి అవుతుంది. పదో ఏట తగ్గే వెయ్యికైతే ఇవాళ 463 చాలు. ఇలా పది వెయ్యిలకూ ఇవాళ్టి విలువ కట్టి కూడితే 6,710 వస్తుంది. లక్షలోంచి అది తీసేస్తే 93,290. మీ బాండు ధర అదే. ఆ ధరకు కొన్నవాడికి కొత్త బాండైనా పాతదైనా ఒకటే, రెండింట్లోనూ 8 శాతమే గిడుతుంది.

ఇదే బాండుకు గడువు ఒక్క ఏడాదే మిగిలి ఉంటే? తగ్గేది ఒక్క వెయ్యే కాబట్టి ధర 926 మాత్రమే పడిపోతుంది. ముప్పై ఏళ్లుంటే దాదాపు 11,260 పడుతుంది. గడువు ఎంత దూరమైతే దెబ్బ అంత పెద్దది. వడ్డీ 6 శాతానికి దిగితే కథ తిరగబడుతుంది. పదేళ్ల బాండు 1,07,360 పలుకుతుంది.

అమ్మకుండా పదేళ్లూ ఉంచుకుంటే లక్ష లక్షగానే వస్తుంది కదా అనొచ్చు. నిజమే. కానీ ఏటా ఆ వెయ్యి వదులుకుంటూనే ఉంటారు. అమ్మినవాడు ఒకేసారి నష్టపోతాడు, ఉంచుకున్నవాడు వాయిదాల్లో నష్టపోతాడు. అసలు చిక్కు, ఉంచుకోవాలని ఉన్నా అమ్మక తప్పనివాడిది. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ వడ్డీలు తక్కువగా ఉన్నప్పుడు దీర్ఘకాలిక బాండ్లు విరివిగా కొంది. వడ్డీలు పెరిగాయి, డిపాజిటర్లు డబ్బు తీసుకోసాగారు. 2023 మార్చిలో సుమారు 2,100 కోట్ల డాలర్ల బాండ్లను 180 కోట్ల డాలర్ల నష్టానికి అమ్మినట్టు ప్రకటించింది. రెండు రోజులకే మూతపడింది.

మీ ఫండ్‌కు ఈ దెబ్బ ఎంత తగలొచ్చో ముందే తెలుసుకోవచ్చు. దాని ఫ్యాక్ట్‌షీట్‌లో ‘మోడిఫైడ్ డ్యూరేషన్’ అనే అంకె ఉంటుంది. అది 7 అయితే, ఫండ్‌లోని బాండ్లకు మార్కెట్ ఇచ్చే వడ్డీ ఒక శాతం పెరిగినప్పుడు విలువ సుమారు 7 శాతం తగ్గుతుంది. మన పదేళ్ల బాండు అంకె కూడా దాదాపు అంతే. ఆ డబ్బు రెండేళ్లలో అమ్మాయి పెళ్లికి కావాలనుకుంటే, 7 ఉన్న ఫండ్ దానికి చోటు కాదు.