ఇనుము తగ్గితే ఎర్రకణం ఎందుకు చిన్నదవుతుంది?

మా అక్క కూతురు రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చింది. హీమోగ్లోబిన్ 8.4, ఎంసీవీ 68. రెండు అంకెలూ ల్యాబువాళ్లు ముద్దక్షరాల్లో ఇచ్చారు. "మామయ్యా, రక్తం తక్కువుందంటే అర్థమైంది. కణాలు చిన్నవిగా ఉన్నాయని డాక్టరమ్మ అంటోంది. ఇనుము చాలకపోతే కణాల లెక్క తగ్గాలి గానీ సైజు తగ్గడమేంటి?" అని అడిగింది.

చాలా మంచి ప్రశ్న. ఎంసీవీ అంటే ఒక్కో ఎర్రకణం సగటు పరిమాణం. పెద్దవాళ్లలో 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. అంటే ఇలాంటి కాగితం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. కానీ ఆ 68 వెనక కణం తనంతట తాను తీసుకున్న జాగ్రత్త ఒకటుంది. దాని గురించి ఎవరూ చెప్పరు.

ఒక ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులుంటాయి. ఒక్కో అణువులో నాలుగు గ్లోబిన్ గొలుసులు, ఒక్కో గొలుసులో ఒక హీమ్, ఆ హీమ్ నడుమ ఒక ఇనుము పరమాణువు. గ్లోబిన్ ప్రోటీన్ కాబట్టి దాని తయారీకి ఇనుముతో పని లేదు. హీమ్‌కు మాత్రం ఇనుము లేనిదే గడవదు. ఇనుము తగ్గాక కూడా గ్లోబిన్ పాత వేగంతోనే తయారవుతూ ఉంటే హీమ్ దొరకని గొలుసులు పోగుపడతాయి. అవి నిలకడగా ఉండవు. ముద్దకట్టి కణాన్ని లోపలి నుంచి దెబ్బతీస్తాయి.

మరి తయారీని ఆపేదెలా? జన్యువును ఆపుదామంటే కుదరదు. ఎముక మజ్జ నుంచి బయటికొచ్చే లేత ఎర్రకణం అప్పటికే తన కేంద్రకాన్ని బయటికి నెట్టేసి ఉంటుంది. దానిలో మిగిలింది ముందే రాసిపెట్టుకున్న సందేశాలు, అంటే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు, వాటిని చదివి ప్రోటీన్ అల్లే రైబోజోములు. ఆపాలంటే ఆ చదువు మొదలయ్యే చోటే ఆపాలి.

ఈ సంగతి కుందేళ్ల రక్తంలో బయటపడింది. ఫినైల్‌హైడ్రజిన్ అనే రసాయనం ఇస్తే కుందేలు ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ లోటు పూడ్చడానికి లేత కణాలు పెద్ద ఎత్తున రక్తంలోకి వస్తాయి. పరిశోధకులు వాటిని నీళ్లలో పగలగొట్టి, లోపలి సరుకును పరీక్షనాళికలో ఉంచేవాళ్లు. కణం లేకపోయినా అందులో గ్లోబిన్ తయారీ సాగేది. హీమ్ వేయకపోతే మాత్రం కొద్ది నిమిషాలు నడిచి దాదాపు ఆగిపోయేది. హీమ్ వేస్తే సాగేది. 1960లలో, 70లలో ఎన్నో ప్రయోగశాలలు ఈ పరీక్షనాళిక చుట్టూనే తిరిగాయి. ఆగిపోయిన నాళికలో పనిచేస్తున్నది హెచ్‌ఆర్‌ఐ అనే ఎంజైమ్ అని తేలింది.

దాని పని తెలియాలంటే గ్యాస్ బండ గుర్తు తెచ్చుకోండి. ప్రోటీన్ అల్లిక మొదలుపెట్టడానికి తొలి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ను రైబోజోము దగ్గరికి మోసుకొచ్చేది ఇఐఎఫ్2 అనే ప్రోటీన్. ఒక్కో ట్రిప్పుకీ దాని బండ ఖాళీ అవుతుంది. అంటే దానికి అంటుకున్న జీటీపీ జీడీపీగా మారుతుంది. ఖాళీ బండ తీసుకుని నిండుది ఇచ్చే డీలరు ఇఐఎఫ్2బి. ఇలాంటి డీలర్లు కణంలో కొద్దిమందే ఉంటారు.

హీమ్ సమృద్ధిగా ఉన్నంతకాలం అది హెచ్‌ఆర్‌ఐకి అంటుకుని దాని చేతులు కట్టేస్తుంది. హీమ్ తగ్గగానే హెచ్‌ఆర్‌ఐ మేల్కొని, ఇఐఎఫ్2లో 51వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేటు పడ్డ ఇఐఎఫ్2 తన ఖాళీ బండతో డీలరు దగ్గరికి వెళ్లి, ఇక కౌంటరు వదలదు. వెనక వరసలో ఉన్నవాళ్లకు ఫాస్ఫేటు తగలకపోయినా బండ మాత్రం దొరకదు. అందుకే మొత్తం ఇఐఎఫ్2లో మూడో వంతుకు ఫాస్ఫేటు పడినా ప్రోటీన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. ఈ కౌంటరు దగ్గరి వ్యవహారాన్ని కుందేలు కణాల సరుకులోనే శోధించిన వాళ్లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.వి.ఎ. రామయ్య ఒకరు.

గ్లోబిన్ తక్కువగా తయారైన కణం చిన్నగా, పాలిపోయి ఉంటుంది. మా అమ్మాయి కాగితంలోని 68కి ఇంతవరకూ వచ్చిన జవాబు ఇదే. అయితే ఇది నిజంగా రక్షణేనా, లేక వట్టి లోపమా? 2001లో జేన్-జేన్ చెన్ బృందం హెచ్‌ఆర్‌ఐ లేని ఎలుకలకు ఇనుము లేని మేత పెట్టి చూసింది. వాటి ఎర్రకణాలు చిన్నవి కాలేదు. కాగితం మీద ఎంసీవీ చూస్తే బాగున్నాయనే అనుకుంటాం. కానీ కణాల లోపల గ్లోబిన్ ముద్దలు కట్టింది, మజ్జలో పెరుగుతున్న కణాలు చచ్చిపోయాయి, రక్తహీనత మామూలు ఎలుకల కంటే ముదిరింది. అంటే చిన్న కణం బతికి బట్టకట్టిన కణం. నాకు ఈ ప్రయోగం తెలిసినప్పటి నుంచి ఎంసీవీ అంకెను చూసే చూపే మారిపోయింది.

అన్ని సందేశాలూ ఆగిపోతే మరమ్మతు ఎవరు చేస్తారు? మజ్జలో ఇంకా కేంద్రకం ఉన్న కణాల్లో ఏటీఎఫ్4 అనే సందేశానికి మినహాయింపు ఉంది. దాని అసలు పాఠానికి ముందు చిన్న దొంగ పాఠాలు ఉంటాయి. మామూలు రోజుల్లో రైబోజోము ఆ దొంగ పాఠాల్లో చిక్కుకుని అసలుది చదవదు. నిండు బండలు కరువైనప్పుడు రైబోజోముకు మళ్లీ మెథియోనిన్ దొరకడం ఆలస్యమై, ఆ చిక్కును దాటుకుని అసలు పాఠం దగ్గర మొదలుపెడుతుంది. అలా పుట్టిన ఏటీఎఫ్4 ఆక్సీకరణ దెబ్బల నుంచి కాపాడే జన్యువులను లేపుతుంది.

ఆ దెబ్బల మీద మరో కాపలా కూడా ఉంది. అది ప్రోటీన్ కాదు, ఇరవై పైచిలుకు అక్షరాల బుల్లి ఆర్‌ఎన్‌ఏ. 1993లో విక్టర్ ఆంబ్రోస్ బృందం నులిపురుగులో తొలి మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనుక్కుంది. ఆయనకూ గ్యారీ రవ్‌కున్‌కూ 2024లో నోబెల్ వచ్చింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆర్గొనాట్ అనే ప్రోటీన్ ఒడిలో కూర్చుని, తనకు జోడీ కుదిరే సందేశాల చివరి భాగానికి అతుక్కుంటుంది. ఆ సందేశం చదువు మందగిస్తుంది, తోక కురచై చివరికి అది కరిగిపోతుంది. అన్నిటినీ ఒకేసారి ఆపే ఫాస్ఫేటులా కాకుండా ఇది ఎంచి పట్టుకుంటుంది.

ఎర్రకణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 451 విపరీతంగా ఉంటుంది. అది నోరు నొక్కేవాటిలో 14-3-3 జీటా అనే ప్రోటీన్ సందేశం ఒకటి. ఈ ప్రోటీన్ ఎక్కువైతే ఫాక్స్ఓ3 అనే రక్షక ప్రోటీన్‌ను కేంద్రకంలోకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. 2010లో 451 లేని ఎలుకలను పరిశీలించారు. మామూలుగా అవి ఎలాగో నెట్టుకొచ్చాయి. కుందేళ్లకు ఇచ్చిన ఆ ఫినైల్‌హైడ్రజిన్‌ను వాటికీ ఇచ్చేసరికి తోటి ఎలుకల కంటే చాలా ఎక్కువగా ఎర్రకణాలు పగిలిపోయాయి. కష్టం వచ్చేదాకా లోపం బయటపడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎంసీవీ తగ్గిందంటే ఇనుమే కారణమని తేల్చెయ్యకూడదు. తలసీమియా మైనర్‌లో కూడా కణాలు చిన్నవే. అక్కడ కొరత హీమ్‌ది కాదు, ఒక రకం గ్లోబిన్ గొలుసుది. అలాంటివాళ్లలో కణాల సంఖ్య తగ్గకుండా, ఒక్కోసారి పెరిగి కూడా కనిపిస్తుంది. ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బీటా తలసీమియా జాడ చెప్పే హీమోగ్లోబిన్ ఏ2 చూస్తే సాధారణంగా తేడా తెలుస్తుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లలో మాత్రం ఇనుము లోటు ఏ2ను తగ్గించి చూపి మోసం చేయగలదు. కాబట్టి ఇనుము సర్దుకున్నాక మళ్లీ చూస్తారు.

మా అమ్మాయికి ఫెరిటిన్ 6 వచ్చింది. ఇనుము మాత్రలు మొదలుపెట్టారు. రెండో వారానికి లేత కణాల శాతం పెరిగింది. నెల తిరిగేసరికి హీమోగ్లోబిన్ పదికి చేరింది. "ఎంసీవీ ఇంకా 74 దగ్గరే ఉందేంటి మామయ్యా?" అని దిగులుపడింది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. కొత్తగా, నిండుగా వచ్చిన కణాల పక్కనే ఇనుము లేని రోజుల్లో ఆచితూచి పుట్టిన చిన్న కణాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ కాగితంలో ఆర్‌డీడబ్ల్యూ అనే మరో అంకె ఎక్కువగా ఉండడానికి కారణం అదే. చిన్నవీ పెద్దవీ కలగలిసి ఉన్నాయని చెప్పే అంకె అది.