కాలు తీయొద్దన్న రోగి మాట ఎందుకు చెల్లింది?

రోగి చికిత్స వద్దంటే, అతనికి తెలియదులే అని డాక్టర్ కొట్టిపారేయొచ్చా? 1993లో ఇంగ్లండ్ కోర్టు ముందుకు ఈ ప్రశ్నే వచ్చింది. కోర్టు ‘సి’గా పేర్కొన్న 68 ఏళ్ల వ్యక్తి బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో స్కిజోఫ్రీనియా రోగి. పాదానికి గ్యాంగ్రీన్ వచ్చింది. మోకాలి కింద కాలు తీసేయకపోతే బతికే అవకాశం 15 శాతమేనని సర్జన్ అంచనా వేశారు. అయినా ఆయన ఒప్పుకోలేదు.

రోగికి మేలు చేయడం డాక్టర్ బాధ్యత. తన శరీరంపై నిర్ణయం రోగి హక్కు. రెండూ ఢీకొన్నప్పుడు జడ్జి జబ్బు పేరు చూడలేదు, మూడు విషయాలు చూశారు: చెప్పింది అర్థం చేసుకుని గుర్తుంచుకున్నాడా, నమ్మాడా, లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడా? తాను గొప్ప డాక్టర్‌నన్న భ్రమ ‘సి’కి ఉంది. కానీ కాలి విషయంలో ఈ మూడూ చేయగలిగాడు. అందుకే ఆయన రాతపూర్వక సమ్మతి లేకుండా కాలు తీయకూడదని కోర్టు ఆదేశించింది. కాలు తీయకుండా చేసిన చికిత్సతోనే ఆయన బతికాడు. అయితే తీర్పుకు ఆధారం ఆ ఫలితం కాదు, నిర్ణయించుకోగల ఆయన సామర్థ్యం.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 4వ సెక్షన్ కూడా, ఇతరులకు తప్పనిపించినంత మాత్రాన ఆ నిర్ణయం తీసుకున్న వ్యక్తికి సామర్థ్యం లేదనకూడదని చెబుతుంది. కాబట్టి ఎవరైనా చికిత్స నిరాకరించినప్పుడు మొదట అడగాల్సింది, వారికి అర్థమయ్యే భాషలో అన్నీ వివరించారా అని. వివరించకపోతే ‘వద్దు’ అన్నదే కాదు, ‘సరే’ అన్నదీ సమ్మతి కాదు.