కొత్త పెయింటు కింద చెమ్మ

విశాఖలో అద్దెకు ఫ్లాట్ చూడబోయినప్పుడు తాజా పెయింటు వాసన వస్తే, నేను ముందు బీరువా వెనక్కి తొంగిచూస్తాను. అక్కడ గాలి ఆడదు కాబట్టి బూజు త్వరగా పడుతుంది. తర్వాత బాత్రూమ్ అవతలి గోడ. కింద జానెడు మేర పెయింటు ఉబ్బి, వేలితో రాస్తే తెల్లటి ఉప్పు పొడి రాలిందంటే, నీరు గోడలోంచే వస్తోందన్నమాట.

ఇంకా అనుమానమైతే ఓనర్‌ని అడిగి, అరచేతంత పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి, ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడవైపు తడి చేరితే చెమ్మ గోడలోదే. గదివైపు చేరితే గాలిలోది. దానికి వంటప్పుడు, స్నానాలప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే చాలావరకు తగ్గుతుంది. మొదటిదానికి మాత్రం పైపో, టైల్స్ సందులో బాగుచేయించాలి. లేకపోతే ఎన్ని పూతలు వేసినా మళ్లీ ఉబ్బుతుంది. అడ్వాన్సు ఇచ్చేముందే ఆ పని ఓనర్‌దని అగ్రిమెంటులో రాయించుకోండి.