భూతద్దం నుంచి స్క్రీన్ రీడర్ దాకా

మందులు వాడి, ఆపరేషన్ చేయించుకుని, మామూలు కళ్లద్దాలు పెట్టుకున్న తర్వాత కూడా రెండు కళ్లలో మెరుగైనదాని చూపు 6/18 కంటే తక్కువగా ఉండి, ఆ మిగిలిన చూపుతో పనులు చేసుకునే వీలున్న స్థితిని కంటి వైద్యంలో ‘లో విజన్’ అంటారు. చూపు పరిధి మరీ కుంచించుకుపోయినవారు కూడా ఈ కోవలోకే వస్తారు. 6/60 చూపు అంటే, మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని గుర్తుపట్టలేదు. మాక్యులా క్షీణత, గ్లాకోమా, రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి జబ్బుల్లో పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. కంటిని మార్చలేనప్పుడు అక్షరాన్నే కంటికి తగ్గట్టు మార్చాలి. భూతద్దం, వీడియో మాగ్నిఫయర్, స్క్రీన్ రీడర్ ఈ పనిని మూడు విధాలుగా చేస్తాయి. మూడింటినీ వెంటాడిన చిక్కు మాత్రం ఒక్కటే: అక్షరం పెద్దదైనా, మాటగా మారినా ఒకసారికి అందే వాక్యం చిన్నదవుతుంది.

భూతద్దం బలాన్ని డయాప్టర్లలో కొలుస్తారు. 100ను డయాప్టర్ల సంఖ్యతో భాగిస్తే సెంటీమీటర్లలో దాని నాభ్యంతరం వస్తుంది. 10 డయాప్టర్ల అద్దానికి 10 సెంటీమీటర్లు, 20 డయాప్టర్లదానికి 5 సెంటీమీటర్లు. కాగితాన్ని అద్దానికి సరిగ్గా అంత దూరంలో ఉంచితే అక్షరం నుంచి వచ్చే కిరణాలు అద్దం దాటాక సమాంతరంగా వెళ్తాయి. దూరపు వస్తువును చూస్తున్నంత తేలికగా కన్ను వాటిని అందుకుంటుంది.

ఎంత బలమైన అద్దం కావాలో లెక్క వేయడానికి కంటి వైద్యులు కెస్టెన్‌బామ్ సూత్రాన్ని వాడతారు. చూపు భిన్నాన్ని తలకిందులు చేస్తే డయాప్టర్లు వస్తాయి. మాక్యులా దెబ్బతిని చూపు 6/60కి పడిపోయిన ఒక పెద్దాయన దినపత్రిక చదవాలనుకుంటున్నాడనుకుందాం. 60ని 6తో భాగిస్తే 10 డయాప్టర్లు. అయితే ఇది అక్షరం కనాకష్టంగా పోల్చుకోవడానికి సరిపోయే బలం మాత్రమే. ఆగకుండా చదువుకుంటూ పోవాలంటే అక్షరం, కంటికి ఆనే కనీస పరిమాణానికి దాదాపు రెండింతలు ఉండాలి. కాబట్టి ఆయనకు 20 డయాప్టర్ల దాకా అవసరం పడుతుంది. తెలుగు అచ్చులో ఈ వెసులుబాటు మరీ ముఖ్యం. అక్షరం కంటే దాని కింది ఒత్తు చిన్నది. అక్షరం తెలిసి ఒత్తు తెలియకపోతే ‘అన్నం’ కూడా ఊహించి చదవాల్సిందే.

ఇక్కడే మొదట చెప్పిన చిక్కు, కిటికీ చిక్కు, మొదలవుతుంది. కాగితం నాభ్యంతరం దూరంలో ఉన్నప్పుడు అద్దంలో కనిపించే మేర ఎంతో చిన్న లెక్కతో తేలుతుంది. అద్దం వ్యాసాన్ని నాభ్యంతరంతో గుణించి, కంటికీ అద్దానికీ మధ్య దూరంతో భాగించాలి. పెద్దాయన చేతిలోని 20 డయాప్టర్ల అద్దం వ్యాసం 4 సెంటీమీటర్లు. దాన్ని కంటికి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 4ను 5తో గుణించి 20తో భాగించాలి. వచ్చేది 1 సెంటీమీటరు. అంటే పత్రికలో మూడు నాలుగు అక్షరాలు. అదే అద్దాన్ని కంటికి 5 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే 4 సెంటీమీటర్ల మేర, అంటే చిన్న కాలమ్‌లో ఒక వరుస చాలావరకు కనిపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ అక్షరం ఒకే పరిమాణంలో కనిపిస్తుంది. మారేది కిటికీ వెడల్పే. అయినా అద్దం కొన్నవారు చాలామంది దాన్ని చెయ్యి చాపి పట్టుకుంటారు. రెండు మాటలు చదివేసరికి వరుస తప్పి, అద్దం పనికిరాదని సొరుగులో పడేస్తారు.

పెద్ద కిటికీ కోసం పెద్ద అద్దం చేయిద్దామంటే అదీ కుదరదు. బలం పెరిగేకొద్దీ అద్దం ఉబ్బు పెరుగుతుంది. అంచుల దగ్గర అక్షరాలు వంకర పోతాయి. అందుకే బలమైన భూతద్దాలన్నీ చిన్నవిగానే ఉంటాయి. ఇక ముఖం కాగితానికి అంత దగ్గరగా వస్తే వెలుతురుకు తలే అడ్డుపడుతుంది. చిన్న ఎల్‌ఈడీ దీపం బిగించిన అద్దాలు వచ్చాక ఆ బాధ తగ్గింది.

చెయ్యి వణికేవారు దూరాన్ని నిలకడగా పట్టుకోలేరు కాబట్టి వారికి కాళ్లున్న స్టాండ్ మాగ్నిఫయర్ ఇస్తారు. కాగితం మీద ఆనించి జరుపుకుంటూ పోతే చాలు. అయితే వీటిలో చాలావాటిని కాగితం నాభ్యంతరం కంటే కాస్త దగ్గరగా ఉండేలా తయారు చేస్తారు. అప్పుడు ప్రతిబింబం ఎంతో దూరంలో కాకుండా దగ్గర్లోనే ఏర్పడుతుంది. బైఫోకల్ కళ్లద్దాలు పెట్టుకునేవారు దాన్ని కింది సగంలోంచి చూడాలి. చేతి భూతద్దాన్ని నాభ్యంతరం దూరంలో పట్టుకున్నప్పుడు పై సగంలోంచి చూడాలి. ఇది తారుమారైతే మంచి అద్దంలోనూ అక్షరం మసకగానే ఉంటుంది. కొనేటప్పుడు పెట్టె మీది ‘ఎక్స్’ గుర్తును నమ్ముకోవడమూ మంచిది కాదు. కొందరు తయారీదారులు డయాప్టర్లను 4తో భాగించి ఆ సంఖ్య వేస్తారు. మరికొందరు దానికి ఒకటి కలుపుతారు. ఒకే 20 డయాప్టర్ల అద్దం ఒకచోట 5ఎక్స్, ఇంకోచోట 6ఎక్స్.

అద్దం గీసిన ఈ గీతను దాటించినవారిలో శామ్యూల్ జెనెన్‌స్కీ ముఖ్యుడు. అమెరికాలోని శాంటా మోనికాలో రాండ్ సంస్థలో గణిత శాస్త్రవేత్తగా పనిచేసిన ఆయనకు, పుట్టినప్పుడు కంట్లో వేసిన మందు విషయంలో జరిగిన పొరపాటు వల్ల చూపు చాలావరకు పోయింది. చదువుకునే రోజుల్లో నల్లబల్ల మీది రాతను బైనాక్యులర్లతో చూసేవాడు. ఆయన సహచరులతో కలిసి టీవీ కెమెరానూ తెరనూ జోడించి చేసిన చదువు యంత్రం వివరాలను రాండ్ 1968లో ప్రచురించింది. కెమెరా కింద కాగితం, ఎదురుగా తెర. ఈ యంత్రాలకు అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ జరిగే పీట అమర్చారు. దాని మీద పుస్తకం పెట్టి పీటను జరిపితే వరుస వెంట వరుస తెర మీద కదులుతుంది.

ఈ యంత్రంతో కాగితానికి ముక్కు ఆనించే అవసరం తీరిపోయింది. మామూలుగా కూర్చుని, రెండు కళ్లతో, అద్దానికి సాధ్యం కానన్ని రెట్లు పెద్దదిగా చదవవచ్చు. మరో మేలు కూడా కలిగింది. ఒక మీట నొక్కితే తెల్ల కాగితం మీది నల్ల అక్షరం, నల్ల తెర మీద తెల్ల అక్షరంగా మారుతుంది. కార్నియా మీద మచ్చ ఉన్నా, కంటి లోపలి పారదర్శక భాగాలు మసకబారినా, తెల్ల కాగితం నుంచి వచ్చే వెలుగు కంట్లో చెదిరి అక్షరాన్ని కప్పేస్తుంది. నేపథ్యం నల్లబడితే చెదిరే వెలుగు బాగా తగ్గుతుంది.

కిటికీ చిక్కు మాత్రం తెరలోనూ పోలేదు. 3 మిల్లీమీటర్ల అక్షరాన్ని 20 రెట్లు పెంచితే 6 సెంటీమీటర్లు అవుతుంది. అర మీటరు వెడల్పున్న తెరలో అలాంటివి ఎనిమిదికి మించి పట్టవు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ లెగ్గీ బృందం 1985లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, వాక్యం దానంతటదే కదులుతూ పోతే వేగంగా చదవడానికి నాలుగు అక్షరాల కిటికీ దాదాపు చాలు. చేత్తో జరుపుకుంటూ పేజీలో తర్వాతి వరుస మొదలు వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు అంతకంటే వెడల్పు కావాలి. అదే ప్రయోగాల్లో మరో సంగతి కూడా తేలింది. చూపు మధ్యభాగం పోయినవారు ఎంత పెద్ద అక్షరమిచ్చినా నెమ్మదిగానే చదివారు. మాక్యులా పోయిన కన్ను అంచు చూపుతో చదవాలి, ఆ అంచుకు ఒక్క చూపులో అందే అక్షరాలు తక్కువ. పేరాగ్రాఫు చదివేసరికి అలసట వచ్చేవారికి పెద్దది చేయడం ఇక దారి కాదు, వినిపించడమే దారి.

కంప్యూటర్ తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పుట్టింది 1980లలో. ఐబీఎంలో జిమ్ థాచర్ అనే పరిశోధకుడు, చూపులేని తన గురువు జెస్సీ రైట్‌తో కలిసి పనిచేస్తూ తయారుచేసిన ప్రోగ్రామ్ 1986లో ‘ఐబీఎం స్క్రీన్ రీడర్’ పేరుతో బయటికి వచ్చింది. అప్పటి డాస్ కంప్యూటర్లలో పని సులువు. తెర అంటే 25 వరుసలు, వరుసకు 80 గళ్లు. ఆ 2000 గళ్లలో ఏ అక్షరం ఉందో మెమరీలో ఒకచోట కోడ్ రూపంలో ఉండేది. ప్రోగ్రామ్ ఆ చోటు చదివి, మాటలు పలికే పరికరానికి పంపేది.

విండోస్ వంటి బొమ్మల తెరలు రాగానే ఆ చోటు మాయమైంది. మెమరీలో మిగిలినవి రంగు చుక్కలే. అక్షరం గీయమని ప్రోగ్రాములు ఇచ్చే ఆజ్ఞలను దారిలోనే పట్టుకుని, తెరకు ఒక అక్షర నకలును రహస్యంగా కూర్చుకోవడం మొదట దొరికిన ఉపాయం. రోడ్డు ప్రమాదంలో చూపు పోయిన టెడ్ హెంటర్ అమెరికాలో స్థాపించిన సంస్థ 1989లో డాస్ కోసం తెచ్చిన ‘జాస్’, తర్వాత విండోస్‌లో ఈ దారిలోనే స్థిరపడింది. ఇప్పటి పద్ధతి వేరు. ‘ఇది బటన్, దీని పేరు పంపు’, ‘ఇది శీర్షిక, రెండో స్థాయి’ అని ప్రతి అంశం వివరాన్నీ ప్రోగ్రాములే ఒక చెట్టు రూపంలో అందిస్తాయి, స్క్రీన్ రీడర్ ఆ చెట్టునే చదువుతుంది. ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ‘ఎన్‌వీడీఏ’ దీన్ని ఉచితంగా అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

చెవికీ ఒక కిటికీ ఉంది, అది మరీ ఇరుకు. ఒకసారికి ఒకే మాట. పేజీని ఒక్క చూపులో తడిమి ముఖ్యమైనదేదో పట్టుకునే వీలు చెవికి లేదు. అందుకే స్క్రీన్ రీడర్ వాడేవారు పేజీని వరుసగా వినరు. ఎన్‌వీడీఏలో H నొక్కితే తర్వాతి శీర్షికకు, K నొక్కితే తర్వాతి లింకుకు దూకుతారు. శీర్షికను శీర్షికగా గుర్తించకుండా అక్షరం లావు మాత్రమే చేసిన పేజీలో H నొక్కితే ఏమీ దొరకదు. చూసేవారికి ఆ రెంటికీ తేడా తెలియదు.

తెలుగులో ఇంకో అడ్డంకి ఉంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు U+0C00 నుంచి U+0C7F వరకు చోటు కేటాయించారు. ‘క్షే’ అని టైప్ చేస్తే ‘క’, పొల్లు, ‘ష’, ఏత్వం అనే నాలుగు కోడ్లు వరుసగా చేరతాయి, కంప్యూటర్ దాన్ని తెలుగుగా పలుకుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో ఈ కోడ్లు ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల చోట్లలో తెలుగు అక్షరాల ఆకారాలు అతికించి ఉంటాయి. కంటికి అది శుభ్రమైన తెలుగు, స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల మూట. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో అదీ ఉండదు, పేజీ మొత్తం ఒక బొమ్మ.

ఈ రెండింటినీ పట్టుకోవడం కష్టం కాదు. పత్రంలోని ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. తెలుగు తెలుగుగానే పడితే స్క్రీన్ రీడర్ దాన్ని చదవగలదు. ఇంగ్లిష్ గుర్తులు పడితే ఫాంటు పాతది. అసలు వాక్యమే ఎంచుకోవడానికి రాకపోతే అది బొమ్మ. పరీక్ష ఫలితమో, నోటీసో, ప్రకటనో పంపేవారు ఈ అర నిమిషం పరీక్ష చేయకపోతే, అవతల ఎంత మంచి స్క్రీన్ రీడర్ ఉన్నా ఆ పేజీ మూగగానే ఉండిపోతుంది.