పుట్ కొన్నదెవరు, అమ్మిందెవరు?

నిఫ్టీ ఆప్షన్లలో కొంతకాలం తిరిగినవాళ్లకు పుట్-కాల్ రేషియో కొత్తేమీ కాదు. మార్కెట్లో నిలిచి ఉన్న పుట్‌ల ఓపెన్ ఇంట్రస్ట్‌ను కాల్స్ ఓపెన్ ఇంట్రస్ట్‌తో భాగిస్తే వచ్చే అంకె అది. పీసీఆర్ అని పిలుస్తారు. అది 1.3 దాటితే మన దగ్గర చాలామంది "కింద పుట్ రైటర్లు గట్టిగా కూర్చున్నారు, ఇక పడదు" అంటారు. అదే అంకెను అమెరికా మార్కెట్లలో పెరిగినవాడు చూస్తే "జనం భయపడి రక్షణ కొంటున్నారు" అంటాడు. ఒకరు చూస్తున్నది అమ్మినవాడి ధైర్యాన్ని, ఇంకొకరు చూస్తున్నది కొన్నవాడి భయాన్ని. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవాడూ ఉంటాడు, అమ్మినవాడూ ఉంటాడు. ఇద్దరిలో ఎవరు తొందరపడి వచ్చారో పీసీఆర్ చెప్పదు.

బిట్‌కాయిన్ చార్టు కింద ఈ మధ్య ఇదే అంకెను పెట్టుకుని మార్కెట్ మూడ్ తేల్చేస్తున్నారు. నా ఉద్దేశంలో పీసీఆర్ ఒంటరిగా దేనికీ పనికిరాదు. దాని పక్కన ఇంప్లైడ్ వొలటిలిటీని, అంటే ఐవీని పెడితే కొంత పనికొస్తుంది. ఎందుకో చూద్దాం.

బిట్‌కాయిన్ ఆప్షన్ల వ్యాపారం చాలా ఏళ్లపాటు ఎక్కువగా డెరిబిట్ అనే ఎక్స్ఛేంజీలో జరిగింది. 2016లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఈ సంస్థను 2025లో కాయిన్‌బేస్ కొనేసింది. అక్కడ ఒక కాంట్రాక్టు అంటే ఒక బిట్‌కాయిన్. ఎక్స్‌పైరీలు మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నరకి ముగుస్తాయి. వారం, నెల, త్రైమాసిక ఎక్స్‌పైరీలన్నీ శుక్రవారాల్లోనే వస్తాయి.

ఇక్కడ ఓపెన్ ఇంట్రస్ట్ పీసీఆర్ మామూలు రోజుల్లోనే 1కి బాగా కింద ఉంటుంది. 0.5, 0.6, 0.7 సాధారణంగా కనిపించే అంకెలు. కొత్తవాళ్లు 0.6 చూసి "అందరూ పైకే అంటున్నారు" అని సంబరపడతారు. అందులో ఆశకంటే అలవాటే ఎక్కువ. చాలా పైనున్న స్ట్రైకుల కాల్స్‌ను లాటరీ టికెట్లలా కొని పెట్టుకునేవాళ్లు ఈ మార్కెట్లో ఎక్కువ. చేతిలో బిట్‌కాయిన్ ఉండి, దాని మీద కాల్స్ అమ్మి ప్రీమియం సంపాదించుకునే మైనర్లు, ఫండ్లు కూడా ఉన్నాయి. రెండు వైపుల నుంచీ పెరిగేది కాల్స్ లెక్కే. అందుకే ఈ అంకెను 1తో కాదు, దాని గత నెలల నడకతో పోల్చాలి.

పోల్చేటప్పుడు ముందు చూడవలసింది క్యాలెండర్‌ని. ఊరికే లెక్క కోసం, గురువారం రాత్రి 2,00,000 కాల్స్, 1,20,000 పుట్‌లు నిలిచి ఉన్నాయనుకుందాం. రేషియో 0.6. శుక్రవారం మధ్యాహ్నం ఎక్స్‌పైరీలో 60,000 కాల్స్, 20,000 పుట్‌లు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవి 1,40,000 కాల్స్, 1,00,000 పుట్‌లు. రేషియో 0.71. కొత్తగా ఒక్క పుట్ కూడా ఎవరూ కొనలేదు. అయినా చార్టు మీద గీత నిటారుగా లేస్తుంది, "భయం పెరిగింది" అనే మాట బయల్దేరుతుంది. త్రైమాసిక ఎక్స్‌పైరీల్లో ఈ కుదుపు ఇంకా పెద్దది. 2024 డిసెంబరు 27న ఒక్కరోజే సుమారు 1,400 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఆప్షన్లు డెరిబిట్‌లో ముగిశాయి.

ఎక్స్‌పైరీ వల్ల కాకుండా నిజంగానే పుట్‌లు పెరిగాయనుకుందాం. ఇప్పుడు కొన్నదెవరు, అమ్మిందెవరు అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. బిట్‌కాయిన్ 60,000 డాలర్లలో ఉండగా ఒకాయన 50,000 పుట్ కొన్నాడు. అతనిది భయం. ఇంకొకాయన "50,000కి వస్తే ఎలాగూ కొంటాను, ఆలోపు ప్రీమియమైనా వస్తుంది" అని డబ్బు పక్కన పెట్టి అదే పుట్ అమ్మాడు. అతనిది కొనుగోలు కోరిక. రేషియోలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దర్నీ విడదీసేది ధర. కొనేవాళ్లు ఎగబడితే పుట్ ఖరీదెక్కుతుంది, అమ్మేవాళ్లు ఎగబడితే చవకవుతుంది. బిట్‌కాయిన్ కదలికను, మిగిలిన రోజులను లెక్కలోంచి తీసేసి ఆ ఖరీదును మాత్రమే చూపించే కొలతే ఐవీ. పుట్‌ల ఓపెన్ ఇంట్రస్ట్, వాటి ఐవీ రెండూ కలిసి పెరిగితే అక్కడ తొందర కొనేవాడిది. ఓపెన్ ఇంట్రస్ట్ పెరుగుతున్నా ఐవీ కదలకపోతే, లేదా దిగితే, అమ్మేవాళ్లే ముందుకొచ్చారని అనుకోవచ్చు.

ఆప్షన్ ప్రీమియం ఇంత ఉండాలంటే రాబోయే రోజుల్లో ధర ఎంత ఊగుతుందని మార్కెట్ అనుకుంటూ ఉండాలో వెనక్కి లెక్కగట్టి, సంవత్సరానికి ఇంత శాతం అని చెబుతారు. మనకు ఇండియా విక్స్ ఉన్నట్టే డెరిబిట్ 2021 నుంచి డీవోల్ అనే సూచీ నడుపుతోంది, స్క్రీన్ మీద DVOL అని కనిపిస్తుంది. రాబోయే 30 రోజుల మీద మార్కెట్ అంచనా అది. దాన్ని రోజువారీ లెక్కలోకి మార్చడానికి 365 వర్గమూలంతో, అంటే సుమారు 19.1తో భాగించాలి. నిఫ్టీకి సెలవులు తీసేసి 252 వాడతాం కానీ బిట్‌కాయిన్‌కు ఆదివారం కూడా సెలవు లేదు. DVOL 50 ఉంటే రోజుకు 2.6 శాతం. అంటే మూడింట రెండు రోజులు ధర అటూ ఇటూ ఆ హద్దులోపలే ఉంటుందని మార్కెట్ ధర కట్టింది. పైకా కిందికా అన్నది ఇందులో లేదు. ఐవీ పెరిగితే పతనమే వస్తుందనే నమ్మకం షేర్ల మార్కెట్ నుంచి వచ్చింది. అక్కడ సూచీ పడినప్పుడే విక్స్ లేస్తుంది కాబట్టి ఆ నమ్మకానికి ఒక ఆధారముంది. బిట్‌కాయిన్‌లో ధర ఎగబాకినప్పుడూ ఐవీ లేవగలదు.

దీనికి 2024 చక్కటి ఉదాహరణ. ఆ ఏడు సరిగ్గా మూడు నెలల తేడాలో రెండు తేదీలు, ఆగస్టు 5, నవంబరు 5. రెండుసార్లూ దగ్గరి ఎక్స్‌పైరీల ఐవీ దూరపు వాటికంటే పైకి లేచింది, రెండుసార్లూ కారణం వేరు.

నవంబరు 5 అమెరికా అధ్యక్ష ఎన్నిక. తేదీ ముందే తెలుసు. నవంబరు 8న ముగిసే ఆప్షన్లను డెరిబిట్ నెలల ముందే మొదలుపెట్టింది, వాటి ఐవీ చుట్టుపక్కల ఎక్స్‌పైరీల మధ్య గూనులా లేచి నిలబడింది. ఈ గూను నుంచి ఆ ఒక్క రోజు కుదుపును విడదీయవచ్చు. అంకెలు నేను లెక్క కోసం తీసుకున్నవి, అప్పటి కోట్లు కావు. ఎక్స్‌పైరీకి ఏడు రోజులుంది, దాని ఐవీ 75. ఎన్నిక లేని మామూలు రోజుకు 45 అనుకుందాం. ఐవీలను నేరుగా కలపకూడదు, వర్గాలనే కలపాలి.

```
7 × 75² = 39375
6 × 45² = 12150
39375 − 12150 = 27225
√27225 = 165
165 ÷ 19.1 ≈ 8.6
```

ఆరు మామూలు రోజుల వంతు తీసేస్తే మిగిలిందంతా ఎన్నిక రోజుది. ఆ ఒక్కరోజుకు 8.6 శాతం ఊగిసలాట అని ధర కట్టారన్న మాట. బిట్‌కాయిన్ 69,000లో ఉంటే ఇటు 63,000, అటు 75,000. చార్టు ట్రేడరుకు ఇది నేరుగా పనికొచ్చే సమాచారం. ఆ రోజు 3 శాతం దూరంలో స్టాప్‌లాస్ పెట్టుకుంటే, దిశ సరిగ్గా ఊహించినా మధ్యలోనే బయటికి విసిరేయబడే ప్రమాదం ఉంది. స్టాప్ దూరం పెంచి క్వాంటిటీ తగ్గించుకోవాలి, లేదా ఆ రోజుకు పక్కన కూర్చోవాలి. సపోర్ట్, రెసిస్టెన్స్ గీతలకు ఆ ఒక్క రోజు పెద్ద విలువ ఉండదు.

జరిగిందేమిటంటే, నవంబరు 6న బిట్‌కాయిన్ సుమారు 9 శాతం పెరిగి 75,000 దాటింది. నా అంకెలకు దగ్గరగా వచ్చింది కదా అని లెక్క గెలిచిందనుకోనక్కర్లేదు, 2 శాతం కదిలినా, 15 శాతం కదిలినా ఆ ఐవీ తప్పయ్యేది కాదు. అసలు గమనించాల్సింది ఆ తర్వాతది. ధర పెరుగుతుండగానే ఐవీ కిందికి జారింది. సందేహం తీరింది కాబట్టి దాని ఖరీదూ పోయింది. ఐవీ దిగడాన్ని "జోరు అయిపోయింది" అని చదివినవాడు డిసెంబరు మొదటివారంలో లక్ష డాలర్లు దాటిన పరుగును బయట నిలబడి చూశాడు.

ఆగస్టు 5 కథ దీనికి తిరగేసినట్టుంటుంది. జులై 31న జపాన్ కేంద్రబ్యాంకు వడ్డీ పెంచింది, యెన్‌లో అప్పు తెచ్చి ఇతర దేశాల్లో పెట్టినవాళ్లు పరుగెత్తి అమ్ముకున్నారు. సోమవారం టోక్యో నిక్కీ ఒక్కరోజులో 12.4 శాతం పడింది. వారం ముందు 70,000ను తాకిన బిట్‌కాయిన్ 49,000 దాకా వచ్చింది. ఐవీ అప్పుడు లేచింది. ముందు కాదు, పతనంతో పాటే. కాబట్టి దాన్ని హెచ్చరికగా వాడదామనుకున్నవాళ్లకు ఏమీ దక్కలేదు. దక్కిందల్లా తర్వాతివాళ్లకు. వారం ఎక్స్‌పైరీ ఐవీ మూడు నెలల ఐవీకంటే చాలా పైకి వెళ్లడం, పుట్‌ల ఐవీ అంతే దూరంలో ఉన్న కాల్స్ ఐవీని దాటిపోవడం, ఈ రెండూ "ఎంత ఖరీదైనా ఈ రోజే రక్షణ కావాలి" అనే స్థితికి గుర్తులు. ఇవి రెండూ సర్దుకోవడం మొదలైతే బలవంతపు అమ్మకం తగ్గుతోందని అర్థం. ఆగస్టు 8కల్లా ధర మళ్లీ 60,000 పైకి వచ్చింది. ప్రతిసారీ మూడు రోజుల్లో లేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2022లో ఇలా సర్దుకున్న తర్వాత మళ్లీ పడిన సందర్భాలున్నాయి.

పుట్, కాల్ ఐవీల మధ్య ఉన్న ఈ తేడాను స్క్యూ అంటారు. పీసీఆర్, స్క్యూ రెండిట్లో ఒక్కటే చూడమంటే నేను స్క్యూనే ఎంచుకుంటాను. అందులో ధర ఉంది, పీసీఆర్‌లో లెక్కింపు తప్ప ఏమీ లేదు. ఒక పెద్ద ఫండు 60,000 పుట్ కొని, ఖర్చు తగ్గించుకోవడానికి 50,000 పుట్ అమ్మిందనుకోండి. నిజానికి అది సగం భయమే. రేషియోలో మాత్రం రెండు పుట్‌లు, రెట్టింపు భయం.

2024 నవంబరు 19 తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. బ్లాక్‌రాక్ బిట్‌కాయిన్ ఈటీఎఫ్ IBIT మీద ఆ రోజు నుంచి నాస్‌డాక్‌లో ఆప్షన్లు మొదలయ్యాయి. తొలిరోజు దాదాపు 3.54 లక్షల కాంట్రాక్టులు చేతులు మారితే అందులో పుట్‌లు సుమారు 65,000 మాత్రమే. అంటే ఆ రోజు వ్యాపారం మీద పీసీఆర్ 0.22. అక్కడ కాంట్రాక్టు అంటే 100 షేర్లు, అప్పటి ధరల్లో బిట్‌కాయిన్‌లో ఆరు శాతం కూడా లేదు. డెరిబిట్ కాంట్రాక్టేమో ఒక పూర్తి బిట్‌కాయిన్. కాబట్టి "మొత్తం మార్కెట్ పీసీఆర్" అని ఎవరైనా చూపిస్తే, రెండు చోట్ల కాంట్రాక్టులనూ బిట్‌కాయిన్ల లెక్కలోకి మార్చి కలిపారా, ఉన్నవి ఉన్నట్టు కలిపేశారా అన్నది ముందు అడగాలి. మార్చకుండా కలిపితే IBIT కాంట్రాక్టుల సంఖ్యే మిగతా అన్నిటినీ మింగేస్తుంది.