ఐదేళ్లకు 22 శాతం, ఏ ఐదేళ్లకు?

మ్యూచువల్ ఫండ్ కంపెనీలు నెలనెలా ఫ్యాక్ట్‌షీట్ విడుదల చేస్తాయి. అందులో ప్రతి పథకానికీ పనితీరు పట్టిక ఒకటి ఉంటుంది. ఏడాది, మూడేళ్లు, ఐదేళ్లు, పథకం మొదలైన నాటి నుంచి అంటూ గడులు, వాటిలో శాతాలు, ఆ శాతాల నెత్తిన CAGR అనే నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. కాంపౌండ్ యాన్యువల్ గ్రోత్ రేట్ అన్నదానికి అది పొట్టిపేరు. మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే ఏడాదికోసారి తిరగేసే చక్రవడ్డీ రేటు లాంటిది. కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు చాలామంది ఈ పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుందో వెతుక్కుని అక్కడే ఆగిపోతారు. ఆ పెద్ద అంకె ఎలా పుట్టిందో ఒక నిజమైన లెక్కతో చూద్దాం.

ఏ ఫండ్ పేరూ ఎత్తనక్కర్లేదు, నిఫ్టీ 50 సూచీనే తీసుకుందాం. 2025 మార్చి 31 నాటికి ఆ సూచీకి ఫ్యాక్ట్‌షీట్ పద్ధతిలో పట్టిక వేస్తే ఏడాదికి 5.3 శాతం, మూడేళ్లకు 10.4, ఐదేళ్లకు 22.3, పదేళ్లకు 10.7 వస్తాయి. కంపెనీలు పంచే డివిడెండ్లు ఇందులో కలపలేదు, ఉత్త సూచీ అంకెలతో వేసిన లెక్క ఇది. చూపు ఎక్కడ ఆగుతుందో చెప్పక్కర్లేదు. ఐదేళ్లపాటు ఏటా 22 శాతమంటే, మన ఊళ్లలో చెప్పుకునే లెక్కన నూటికి నెలకు దాదాపు రూపాయి ఎనభై అయిదు పైసల వడ్డీ. అప్పిచ్చేవాడికి కూడా అది మంచి వడ్డీయే!

అయితే వడ్డీకిచ్చినప్పుడు రేటును ముందే ఒప్పుకుంటారు, ఆ రేటు ప్రకారం డబ్బు వస్తుంది. సీఏజీఆర్ విషయంలో జరిగేది ఇందుకు తలకిందులు. డబ్బు పెరగడం అయిపోయాక, మొదటి రోజు విలువనూ చివరి రోజు విలువనూ పక్కపక్కన పెట్టి, ‘ఏటా ఒకే రేటున పెరిగి ఉంటే ఎంత రేటైతే ఇక్కడికి చేరేది?’ అని వెనక్కి కట్టే లెక్క ఇది. 2020 మార్చి 31న నిఫ్టీ 8,597.75 దగ్గర ముగిసింది. 2025 మార్చి 31కి 23,519.35 ఉంది. కంప్యూటర్లో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఈ ఒక్క వరుస కొడితే చాలు:

```
=(23519.35/8597.75)^(1/5)-1
```

0.223 వస్తుంది, అంటే 22.3 శాతం. ఈ లెక్కలోకి వెళ్లినవి మూడే అంకెలని గమనించండి. మొదటి విలువ, చివరి విలువ, ఏళ్ల సంఖ్య. నడుమ ఏం జరిగిందో దానికి తెలియదు, అక్కర్లేదు కూడా.

నడుమ జరిగిందేమిటంటే, మొదటి ఏడాది నిఫ్టీ దాదాపు 71 శాతం పెరిగింది. రెండో ఏడాది 19 శాతం పెరిగింది. మూడో ఏడాది పెరగకపోగా అర శాతం పైచిలుకు తగ్గింది. నాలుగో ఏడాది 28.6, అయిదో ఏడాది 5.3 శాతం వచ్చాయి. 22 శాతం ఇచ్చిన ఏడాది ఈ అయిదింటిలో ఒక్కటి కూడా లేదు. పదివేల రూపాయలు పెట్టిన మనిషికి తొలి ఏడాది చివర 17,087 కనిపించేవి. సీఏజీఆర్ చెప్పిన బాటలో నడిచి ఉంటే అప్పటికి 12,230 మాత్రమే కావాలి. రెండో ఏడాది ఆఖరుకు 20,313 ఉన్న సొమ్ము, ఇంకో ఏడాది గడిచాక 20,191 అయింది. ఏడాదంతా కాచుక్కూర్చుంటే వంద రూపాయల పైన పోయాయన్నమాట. ఫ్యాక్ట్‌షీట్‌లో ఐదేళ్ల గడి మాత్రం చూసినవాళ్లకు ఈ ఎగుడుదిగుళ్లు కనిపించవు.

ఆ అయిదు శాతాలనూ కూడి అయిదుతో భాగిస్తే 24.6 వస్తుంది. ఇది మామూలు సగటు. ఆ రేటున పదివేలు పెరిగితే ముప్ఫై వేలు కావాలి, నిజంగా అయింది 27,355. ఏటేటా ఎగుడుదిగుళ్లు ఎంత ఎక్కువగా ఉంటే మామూలు సగటు సీఏజీఆర్ కన్నా అంత పైకి పోతుంది. ఎవరైనా ‘ఐదేళ్లలో 173 శాతం వచ్చింది, అంటే ఏటా 34 పైనే’ అని చెబితే అది ఇంకో అడుగు ముందుకేసిన గారడీ. మొత్తం పెరుగుదలను ఏళ్లతో భాగించడం బారువడ్డీ లెక్క, అందులో వడ్డీ మీద వడ్డీ ఊసే లేదు. ఈ మెలికల నుంచి కాపాడుతుంది కాబట్టే ఏడాది దాటిన కాలాలకు ఫ్యాక్ట్‌షీట్లు సీఏజీఆర్‌ను వాడతాయి. ఆ మాటకొస్తే అది నిజాయితీ గల అంకె. దాన్ని అడిగిన దానికి సరిగ్గానే జవాబు చెబుతుంది, మనమే అడగని దానికి జవాబు వెతుక్కుంటాం.

ఇప్పుడు మళ్లీ ఆ పట్టికకే వద్దాం. శాతాల పక్కన సాధారణంగా ఇంకో వరుస ఉంటుంది. పదివేలు పెట్టి ఉంటే ఈ రోజుకు ఎంతయ్యేదో రూపాయల్లో చెబుతుంది. శాతాల కన్నా ముందు అక్కడికి వెళ్లమని నేను చెబుతాను. మన నిఫ్టీ లెక్కలో ఐదేళ్ల గడిలో 27,355, పదేళ్ల గడిలో 27,699 ఉంటాయి. రెంటికీ తేడా 344 రూపాయలు. శాతాల్లో చూసినప్పుడు 22.3, 10.7 అని ఏమాత్రం పొంతన లేకుండా ఉన్నవి రూపాయల్లోకి రాగానే కవల పిల్లల్లా నిలబడ్డాయి. దీని అర్థం ఒక్కటే. పదేళ్లలో మొదటి అయిదేళ్లూ సూచీ దాదాపు ఉన్నచోటే ఉంది. 2015 మార్చి 31న 8,491 దగ్గరున్న నిఫ్టీ 2020 మార్చి 31కి 8,597.75కి చేరింది. ఆ అయిదేళ్ల సీఏజీఆర్ పావు శాతం! పొదుపు ఖాతాలో వేసుకున్నా అంతకంటే ఎక్కువే వచ్చేది.

అదే సూచీ, యాభై పెద్ద కంపెనీల బుట్ట. ఒక ఐదేళ్లకు పావు శాతం, ఆ తర్వాతి ఐదేళ్లకు 22 శాతం. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్క తేదీ, 2020 మార్చి 31. కొవిడ్ భయంతో ఆ నెల 23న నిఫ్టీ ఒక్కరోజులోనే 13 శాతం పడిపోయింది. నెలాఖరుకు కొంచెం లేచినా ఇంకా పాతాళంలోనే ఉంది. ఆ గోతిలో ముగిసిన లెక్క దిక్కుమాలినదిగా, ఆ గోతిలో మొదలైన లెక్క దివ్యంగా కనిపించాయి. రెండు నెలల ముందు, 2020 జనవరి ఆఖరున, అదే ఐదేళ్ల లెక్క వేసి ఉంటే 6 శాతం పైన వచ్చేది. ఫండ్ మేనేజర్ ప్రతిభ, మన ఓపిక ఇవేవీ మారలేదు, కొలతబద్ద పెట్టిన చోటు మారిందంతే.

కాబట్టి ఫ్యాక్ట్‌షీట్ చేతికొచ్చాక మొదట చూడాల్సింది పట్టిక ఏ తేదీ నాటిదన్నది. గడులన్నీ ఆ ఒక్క తేదీ దగ్గరే ముగుస్తాయి. ఏడాది అంకె మూడేళ్ల అంకెలో ఉంటుంది, మూడేళ్లది ఐదేళ్లలో ఉంటుంది. నాలుగు గడులూ బాగున్నాయంటే నాలుగు వేర్వేరు సాక్ష్యాలు దొరికాయని అనుకోవడానికి లేదు. ఈ మధ్య మార్కెట్ బాగా లేస్తే అన్ని గడులూ కలిసి లేస్తాయి. ఈ ముడి విప్పడానికి పదివేల వరుస పనికొస్తుంది. ఐదేళ్ల 27,355ను మూడేళ్ల 13,467తో భాగిస్తే 2.03 వస్తుంది. అంటే తొలి రెండేళ్లలోనే సొమ్ము రెట్టింపైంది, ఏడాదికి 42 శాతం పైన. ఆ తర్వాతి మూడేళ్లూ నడిచింది 10.4 శాతం మీదే. పెద్ద అంకెలో సింహభాగం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ చిన్న భాగాహారం చెప్పేస్తుంది.

తర్వాత చూడాల్సింది ఫండ్ పక్కనో కిందో ఉండే బెంచ్‌మార్క్ అంకె. తేదీ చేసే మాయ రెంటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, రెంటికీ మధ్య తేడా చూస్తే ఆ మాయ చాలావరకు కొట్టుకుపోతుంది. ఐదేళ్లకు 21 శాతం చూపించిన ఫండ్ బెంచ్‌మార్క్ 23 చూపిస్తే, ఆ ఫండ్ వెనకబడిందనే లెక్క, 21 ఎంత ఘనంగా కనిపించినా సరే. 2018 ఫిబ్రవరి నుంచి సెబీ నిబంధన ప్రకారం బెంచ్‌మార్క్‌ను డివిడెండ్లు కలిపిన సూచీతోనే చూపాలి. పేరు చివర టీఆర్ఐ అని ఉండేది అదే. నేను పైన వేసిన ఉత్త సూచీ లెక్కల కన్నా ఆ అంకెలు అందుకే కొంచెం ఎక్కువగా ఉంటాయి. ‘మొదలైన నాటి నుంచి’ గడిని మాత్రం వేరే ఫండ్‌తో పోల్చకండి. ఒకటి 1990లలో పుట్టి ఉంటుంది, ఇంకొకటి 2020 గోతిలో పుట్టి ఉంటుంది.

నెలనెలా సిప్ కట్టేవాళ్లకు ఇంకో సంగతి. ఈ సీఏజీఆర్ మొదటి రోజే మొత్తం సొమ్ము ఒకేసారి పెట్టి, చివరిదాకా ముట్టుకోని మనిషికి చెందింది. ఐదేళ్ల సిప్‌లో మొదటి వాయిదా ఐదేళ్లు పనిచేస్తే ఆఖరిది నెల రోజులే పనిచేస్తుంది. వాయిదాల్లో కట్టిన సొమ్ము సగటున ఫండ్‌లో ఉండేది రెండున్నరేళ్లు. అందుకే సిప్ పట్టిక వేరుగా ఉంటుంది, అందులో ఎక్స్ఐఆర్ఆర్ అనే ఇంకో పద్ధతిలో ప్రతి వాయిదాకూ దాని తేదీ ప్రకారం లెక్క కడతారు. ఫండ్ పేజీలో 22 ఉండి మీ సిప్ ఖాతాలో 14 కనిపిస్తే ఎవరూ మోసం చేయలేదు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇంకా, ఫండ్ నిర్వహణ ఖర్చులు ఎన్ఏవీలోనే కోత పడిపోతాయి కాబట్టి సీఏజీఆర్ అవి పోనే వస్తుంది. ముందే తీసుకుంటే పడే ఎగ్జిట్ లోడ్, మీరు కట్టాల్సిన పన్ను, పెరిగిన ధరలు మాత్రం అందులో ఉండవు.

ఒక్క ఫ్యాక్ట్‌షీట్‌తో తేల్చుకోకుండా, అదే ఫండ్ పాత ఫ్యాక్ట్‌షీట్లు రెండు మూడు తెరిచి ఐదేళ్ల గడిని పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీల వెబ్‌సైట్లలో పాతవి కూడా దొరుకుతాయి. 2025 మార్చి 31 తర్వాత ఆరు నెలల్లో నిఫ్టీ 23,519 నుంచి 24,611కి పెరిగింది. ఐదేళ్ల సీఏజీఆర్ మాత్రం 22.3 నుంచి 17 శాతానికి దిగింది. సెప్టెంబరు లెక్కకు మొదటి తేదీ 2020 సెప్టెంబరు 30కి జరిగింది, అప్పటికే నిఫ్టీ గోతిలోంచి బయటపడి 11,247 దగ్గరుంది.