ఈక్విటీ కర్వ్ మీద మూవింగ్ యావరేజ్: ట్రేడ్లు ఆపితే నిజంగా మేలేనా?

ఒక ట్రేడింగ్ స్ట్రాటజీ తెచ్చిన లాభనష్టాలను ట్రేడ్ తర్వాత ట్రేడ్ కూడుకుంటూ పోతే వచ్చే గీతే ఈక్విటీ కర్వ్. షేరు ధర మీద మూవింగ్ యావరేజ్ గీసినట్టే ఈ గీత మీదా గీయవచ్చు. గీత తన సగటుకు పైన ఉంటే తర్వాతి ట్రేడ్ తీసుకోవాలి. కిందికి దిగితే, మళ్లీ పైకి వచ్చేదాకా ఆగాలి. ఈ నియమాన్ని ఈక్విటీ కర్వ్ ఫిల్టర్ అంటారు. వరసగా నష్టాలు వస్తున్నప్పుడు పక్కకు తప్పుకోవడం ఎవరికైనా సబబుగానే తోస్తుంది. అయితే తప్పుకున్న రోజుల్లో ఏ ట్రేడ్లు వచ్చి పోయాయన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. సగటు వేయాల్సింది అసలు ఖాతా మీద కాదు. ట్రేడ్లు ఆపేస్తే ఖాతా కదలదు, కదలని గీత తన సగటును దాటి పైకి రావడం జరగదు. అందుకే ఆగిన రోజుల్లోనూ ప్రతి ట్రేడ్‌నూ కాగితం మీద నడపాలి. ఏ ట్రేడూ వదలకుండా, బ్రోకరేజి, స్లిప్పేజి తీసేసి రాసుకున్న ఆ నీడ ఖాతా మీదే సగటు లెక్కించాలి.

లెక్క కోసం ఒక చిన్న ఉదాహరణ కల్పించుకుందాం. ఖాతాలో 5,00,000 రూపాయలున్నాయి. మొదటి నాలుగు ట్రేడ్ల తర్వాత నీడ ఖాతా వరసగా 5,12,000, 5,20,000, 5,15,000, 5,25,000 అయింది. ఈ నాలుగింటి సగటు 5,18,000. ఖాతా దానికి పైనే ఉంది కాబట్టి అయిదో ట్రేడ్ తీసుకోవాలి. అది 6,000 నష్టం తెచ్చింది. ఇప్పుడు ఖాతా 5,19,000, చివరి నాలుగింటి సగటు 5,19,750. గీత కిందికి దిగింది కాబట్టి ఆగాలి.

తర్వాతి రెండు ట్రేడ్లు 7,000, 6,000 నష్టాలు. రెండూ తప్పాయి, ఫిల్టర్ తన పని చేసినట్టే కనిపిస్తుంది. కానీ ఎనిమిదో ట్రేడ్ 30,000 లాభం. అప్పటికి గీత ఇంకా సగటు కిందే ఉంది కాబట్టి ఆ లాభమూ తప్పిపోయింది. ఆ లాభంతో నీడ ఖాతా ఒక్కసారిగా సగటు దాటింది, ఫిల్టర్ తలుపు తెరిచింది. లోపలికి వచ్చినవి 5,000, 6,000, 4,000 నష్టాలు. మూడో నష్టంతో గీత మళ్లీ కిందికి దిగి, పన్నెండో ట్రేడ్‌లోని 18,000 లాభం కూడా చేజారింది. ఈ ఎనిమిది ట్రేడ్లనూ వదలకుండా చేసినవారికి 14,000 లాభం. ఫిల్టర్ పెట్టినవారికి 21,000 నష్టం. తప్పించుకున్నది 13,000, పోగొట్టుకున్నది 48,000.

ఇవే ఎనిమిది ఫలితాల వరస మార్చి చూద్దాం. ఆరు నష్టాలూ ముందే 6, 7, 6, 5, 6, 4 వేల చొప్పున వచ్చి, చివర్లో 18,000, ఆ వెంటనే 30,000 లాభాలు వచ్చాయనుకుందాం. మొత్తం అదే 14,000. ఫిల్టర్ మొదటి నష్టాన్ని మాత్రం భరించి మిగతా అయిదింటినీ తప్పిస్తుంది. 18,000 లాభం పోతుంది కానీ 30,000 అందుతుంది. చేతికి వచ్చేది 24,000. ఫిల్టర్ లేనివారి ఖాతా మధ్యలో 34,000 దాకా దిగితే, ఫిల్టర్ ఉన్నవారిది 6,000 మాత్రమే దిగింది. ట్రేడ్లు మారలేదు, సగటు మారలేదు. మారింది వరస ఒక్కటే. నష్టాల వెంట నష్టాలు, లాభాల వెంట లాభాలు గుంపుగా వచ్చే స్ట్రాటజీకి ఈ ఫిల్టర్ పనికొస్తుంది. నష్టాల వెనకే పెద్ద లాభం వచ్చే స్ట్రాటజీకి ఇది కీడే చేస్తుంది.

ట్రెండ్‌ను పట్టుకునే స్ట్రాటజీలు చాలావరకు ఈ రెండో రకం. ధర ఒకచోటే ఊగిసలాడినంతకాలం చిన్న నష్టాలు పేరుకుంటాయి, ఆ తర్వాత వచ్చే ఒక్క పెద్ద కదలికే వాటన్నిటినీ పూడుస్తుంది. షికాగోలో రిచర్డ్ డెనిస్, విలియం ఎక్‌హార్ట్ 1983లో తర్ఫీదు మొదలుపెట్టిన టర్టిల్ ట్రేడర్ల మొదటి పద్ధతిలో దీనికి సరిగ్గా తలకిందులైన నియమం ఉండేది. 20 రోజుల గరిష్ఠాన్నో కనిష్ఠాన్నో ధర దాటితే ట్రేడ్ తీసుకోవాలి, అయితే అంతకుముందు వచ్చిన అలాంటి సంకేతం లాభం ఇచ్చి ఉంటే మాత్రం దాన్ని వదిలేయాలి. ముందటి సంకేతంలో ట్రేడ్ నిజంగా తీసుకున్నారా లేదా అన్నది చూడరు, కాగితం మీది ఫలితమే లెక్క. అలా వదిలిన ట్రేడ్ పెద్ద ట్రెండ్‌గా మారితే చేజారకుండా 55 రోజుల హద్దు దగ్గర తప్పక ప్రవేశించాలన్న నియమమూ పెట్టుకున్నారు. ఆ రెండో తలుపే ఆ పద్ధతిలోని తెలివి. మామూలు ఈక్విటీ కర్వ్ ఫిల్టర్‌లో అలాంటిదేమీ ఉండదు.

ఆప్షన్లు అమ్మే స్ట్రాటజీలది వేరే తీరు. మార్కెట్ అల్లకల్లోలం గుంపుగా వస్తుంది కాబట్టి అక్కడ నష్టాలూ గుంపు కట్టే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఫిల్టర్‌కు కాస్త ఆస్కారం ఉంది. కానీ 2020 మార్చి 23న నిఫ్టీ దాదాపు 13 శాతం పడినట్టు ఒక్కరోజులోనే దెబ్బ తగిలితే, గీత సగటు కిందికి దిగేది నష్టం జరిగిపోయాకే. ఫిల్టర్ తర్వాతి నష్టాన్ని ఆపగలదేమో కానీ మొదటిదాన్ని ఆపలేదు.

ఇక ట్రేడ్ ఫలితాలకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోతే? అప్పుడు ఫిల్టర్ చేసేది ట్రేడ్ల సంఖ్య తగ్గించడమే. ట్రేడ్‌కు సగటున 1,000 రూపాయలు మిగిల్చే స్ట్రాటజీలో 100 ట్రేడ్లకు 60 మాత్రమే తీసుకుంటే, ఆశించదగ్గ లాభం లక్ష నుంచి 60,000కు తగ్గుతుంది. డ్రాడౌన్ కూడా తగ్గడంతో ఫిల్టర్ మేలు చేసిందన్న భ్రమ కలుగుతుంది. పది లాట్లను ఆరుకు తగ్గించి వంద ట్రేడ్లూ చేసినా వచ్చేది అదే 60,000. పైగా రిస్కు అన్ని ట్రేడ్ల మీదా పరుచుకుంటుంది కాబట్టి ఒడిదుడుకులు ఇంకా తక్కువ. ఫిల్టర్‌ను ఏ ఫిల్టరూ లేని స్ట్రాటజీతో కాక, లాట్లు తగ్గించిన స్ట్రాటజీతో పోల్చడమే న్యాయం.

బ్యాక్‌టెస్ట్‌లో ఈ ఫిల్టర్ అద్భుతంగా కనిపిస్తే ముందు స్ప్రెడ్‌షీట్‌ను అనుమానించాలి. B నిలువు వరసలో నీడ ఖాతా, C లో ట్రేడ్ ఫలితం ఉంటే 22వ అడ్డువరసలో ఉండాల్సిన సూత్రం ఇది:

```
=IF(B21>AVERAGE(B18:B21),C22,0)
```

తరచూ జరిగే పొరపాటు ఇది:

```
=IF(B22>AVERAGE(B19:B22),C22,0)
```

B22లో ఆ ట్రేడ్ ఫలితం అప్పటికే కలిసి ఉంది. అంటే ట్రేడ్ ముగిశాక, లాభమని తెలిశాక తీసుకున్నట్టు. పై ఉదాహరణలోని మొదటి వరసకు ఈ తప్పు సూత్రం వేస్తే 21,000 నష్టం కాస్తా 37,000 లాభంగా మారిపోతుంది. 30,000, 18,000 లాభాలు రెండూ లోపలికి వచ్చేస్తాయి. ఒక్క అడ్డువరస తేడాతో ఇంత మార్పు.

సూత్రం సరిగానే ఉండి ఫలితం బాగున్నా, అది నిజమో అదృష్టమో తేల్చాలి. దానికి మంచి మార్గం ట్రేడ్ల వరసను పేకముక్కల్లా కలపడం. అవే ట్రేడ్లను వెయ్యిసార్లు యథేచ్ఛగా కలిపి, ప్రతిసారీ నీడ ఖాతా మళ్లీ కట్టి, అదే ఫిల్టర్ నడపాలి. అసలు వరసలో వచ్చిన లాభం ఆ వెయ్యింటి మధ్యలో ఎక్కడో ఉంటే ట్రేడ్ల వరసలో ఫిల్టర్‌కు పనికొచ్చే సమాచారమేమీ లేదని అర్థం. 950కి పైగా వరసలను అది మించితే ఎంతో కొంత సమాచారం ఉందనవచ్చు. అన్నిటికన్నా అడుగున ఉంటే ఆ స్ట్రాటజీ నష్టాల తర్వాతే లాభం ఇచ్చే రకం, దాన్ని ఆపకూడదు.

ఈ పరీక్షనూ పాడుచేసే అలవాటు ఒకటుంది. సగటును 5 ట్రేడ్ల నుంచి 50 దాకా అన్ని నిడివులతో ప్రయత్నించి, బాగా వచ్చిన దాన్ని ఎంచుకుని, కలిపిన వరసల మీద ఆ ఒక్క నిడివినే నడుపుతారు. అసలు వరసకు 46 అవకాశాలు ఇచ్చి, మిగతావాటికి ఒక్కటే ఇచ్చినట్టు. కలిపిన ప్రతి వరసకూ అదే 5 నుంచి 50 దాకా వెతికి, దాని ఉత్తమ ఫలితంతోనే పోల్చాలి.